తెలిసినవాళ్లిద్దరినీ మెయిల్‌లో కలిపాను, ఇద్దరి దగ్గరా మాట పోయింది. ఎక్కడ తప్పు జరిగింది?

రాజమండ్రి ఆడిటర్:
నేను రాజమండ్రిలో ఆడిట్ ప్రాక్టీస్ చేస్తాను. నా క్లయింట్ ఒకాయన ఆత్రేయపురంలో పూతరేకులు చేయించి అమ్ముతారు. ఊళ్లో కొట్టు మీద అమ్మకం ఎప్పటిలాగే ఉంది గానీ, రెండేళ్లుగా హైదరాబాద్, బెంగళూరు కొరియర్ ఆర్డర్లు బాగా పెరిగాయి. గొడవంతా అక్కడే. వానలు మొదలైతే చాలు, బెల్లం రేకులు వారం తిరక్కుండానే మెత్తబడి ముద్దవుతున్నాయని ఫోన్లు, డబ్బు వాపసు.

ఇంకోవైపు నాకు తెలిసిన మేడం ఒకరున్నారు. ఫుడ్ ప్యాకేజింగ్‌లో చాలాకాలం ఉద్యోగం చేసి, ఇప్పుడు హైదరాబాద్‌లో సొంతంగా సలహాలిస్తున్నారు. రెండేళ్ల కిందట ఆవిడకు వచ్చిన ఇన్‌కంటాక్స్ నోటీసు పని నేనే చూశాను. ఈయన సమస్యకు ఆవిడే సరైన మనిషి అనిపించి ఇద్దరికీ కలిపి ఒక మెయిల్ పెట్టాను. పేర్లు తీసేసి ఉన్నదున్నట్టు ఇస్తున్నా:

> సబ్జెక్ట్: పరిచయం
>
> ఇద్దరికీ నమస్కారం. మీరిద్దరూ ఫుడ్ ఫీల్డ్‌లోనే ఉన్నారు కాబట్టి ఒకరికొకరు ఉపయోగపడతారని అనిపించింది. మేడం గారు ఈ లైన్‌లో చాలా అనుభవం ఉన్నవారు, నా క్లయింటు కూడా. సార్ గారి పూతరేకులు చాలా ఫేమస్. వీలు చూసుకుని మాట్లాడుకోండి. నంబర్లు కింద ఇస్తున్నాను.

నాలుగు రోజులు ఎవరూ పలకలేదు. ఐదో రోజు మా పూతరేకులాయన ఆవిడకు వరసగా మూడుసార్లు ఫోన్ చేసి, ఎత్తకపోతే వాట్సాప్‌లో ముద్దయిపోయిన రేకుల ఫోటోలు పదకొండు పంపారు. సాయంత్రం ఆవిడ నుంచి నాకు మెసేజ్: "ఎవరండీ ఈయన? నంబర్ ఇచ్చేముందు ఒక మాట అడగాల్సింది." ఆయనేమో, "మీ మేడం గారు పెద్దోళ్లండీ, మాలాంటోళ్లతో ఏం మాట్లాడతారు" అని చిన్నబుచ్చుకున్నారు. మంచికి పోతే ఇలా అయింది. ఇప్పుడేం చెయ్యాలి?

సుత్తి వద్దు:
మీ మెయిల్‌లో పొగడ్త తప్ప విషయం లేదు. ఎవరికి ఏం కావాలో ఒక్క ముక్క లేదు. మూడు లైన్లలో ముగించండి. ఇంకో సంగతి, ఇద్దరినీ Bcc లో పెట్టండి. అప్పుడు ఒకరి అడ్రస్ ఇంకొకరికి కనపడదు, ప్రైవసీ గొడవే ఉండదు.

డల్లాస్ బాబాయ్:
మంచి టాపిక్. మా అన్నయ్య కొడుకు ఎం.ఎస్. అయిపోయింది, ఉద్యోగం వేటలో ఉన్నాడు. నాకు తెలిసిన మేనేజర్లు నలుగురికి ఒకే మెయిల్‌లో వాడి రెజ్యూమే పెట్టి "మావాడు, చూసుకోండి" అని పంపా. ఒక్కరూ పలకలేదు. సబ్జెక్ట్‌లో "అర్జెంట్" అని కూడా పెట్టా. అదీ చెప్పండి ఎవరైనా.

పాత హెచ్ఆర్:
బాబాయ్ గారూ, మీది వేరే కథ. ఉద్యోగం సిఫార్సు చాలా కంపెనీల్లో లోపలి పోర్టల్‌లో ఒక్కొక్కరి పేరు మీద వెళ్తుంది, ఆ మేనేజర్ చేతుల్లో కూడా ఉండకపోవచ్చు. పైగా నలుగురి పేర్లూ ఒకే మెయిల్‌లో కనపడితే మిగతా ముగ్గురు చూసుకుంటారులే అని ప్రతివాళ్లూ వదిలేస్తారు. వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ మాట్లాడదాం.

సుత్తి వద్దు గారూ, విషయం లేదన్నది నిజం. Bcc మాత్రం పని చేయదు. ఇద్దరూ Bcc లో ఉంటే ఒకరికొకరు కనపడరు. ఆవిడ Reply All కొట్టినా ఆ జవాబు ఆడిటర్ గారికే వస్తుంది, పూతరేకులాయనకు చేరదు. కలపడానికి రాసిన మెయిల్‌లో ఇద్దరూ కలిసే దారే లేకుండా పోతుంది. ఇద్దరూ To లోనే ఉండాలి. ప్రైవసీ సంగతి అంతకుముందే, ఆవిడను అడిగినప్పుడే తేలిపోవాలి.

ఆడిటర్ గారూ, మీరు ఒక్క మెయిల్‌తో మూడు పనులు కానిద్దామనుకున్నారు. ఆవిడను ఒప్పించడం, ఆయన అవసరం చెప్పడం, ఇద్దరినీ కలపడం. అవి మూడు వేర్వేరు మెయిల్స్. ముందు అవసరం ఉన్నాయన తన సంగతి తన మాటల్లో రాసి మీకు పంపాలి. దాన్ని మీరు మేడం గారికొక్కరికే పంపి "కలపమంటారా" అని అడగాలి. ఆవిడ సరే అంటేనే ఇద్దరికీ కలిపి రాయాలి. కాదంటే మూడో మెయిల్ ఉండదు, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

సుత్తి వద్దు:
Bcc సంగతి ఒప్పుకుంటున్నా. కానీ ఒక పరిచయానికి మూడు మెయిల్సా? ఫోన్ తీసి "మేడం, ఒకాయనున్నారు, మాట్లాడతారా" అంటే అర నిమిషం.

ల్యాబ్ కోటు:
నేను ఆ మేడం లాంటి మనిషినే, ఫుడ్ టెస్టింగ్ వైపు. నెలలో నాలుగైదు ఇలాంటి పరిచయాలు వస్తుంటాయి. ఇవతలి వైపు ఎలా ఉంటుందో చెప్తాను.

అడగకుండా ఇద్దరినీ కలిపేసిన మెయిల్ వస్తే నాకు తప్పించుకునే దారి లేదు. వద్దంటే ఆ కొత్తాయన ముందు మర్యాద తప్పినట్టు, సరేనంటే ఏం నెత్తికెక్కుతుందో తెలియదు. అందుకే చాలామంది చూసి ఊరుకుంటారు. పొగరు అనుకుంటారు గానీ, ఏం రాయాలో తోచక వదిలేసిన మెయిల్సే నావి ఎక్కువ.

ఫోన్ చేసి అడిగినా అంతే. "చేస్తారా" అని అవతల మనిషి ఎదురుచూస్తుంటే మొహమాటానికి ఊ అనేస్తాం. మెయిల్ అయితే రెండు రోజులు ఆలోచించుకోవచ్చు. పాత హెచ్ఆర్ గారు చెప్పిన మొదటి కాగితం, అంటే ఆయన తన మాటల్లో రాసింది, నాకు అన్నిటికంటే ముఖ్యం. "రేకులు మెత్తబడుతున్నాయి" అంటే ఏం చెప్పను? ఇప్పుడు ఏ కవర్‌లో పెడుతున్నారు, చేసిన ఎన్నో రోజు మెత్తబడుతోంది, పంచదార రేకులూ అవుతున్నాయా లేక బెల్లానివేనా, పెట్టె విప్పకుండా ఇంట్లో ఉంచినా అవుతోందా, కొరియర్‌లో వెళ్లినవేనా? ఈ నాలుగు తెలిస్తే ఇది నేను చెప్పగలిగేదో కాదో రెండు నిమిషాల్లో తేలుతుంది. కవర్‌లోంచి తేమ వస్తుంటే ప్యాకింగ్ వాళ్ల పని. బెల్లంలోనే తేమ ఎక్కువుంటే ఎంత ఖరీదైన కవర్ పెట్టినా లాభం లేదు, అది తయారీ దగ్గర చూసుకోవాల్సిన సంగతి. అప్పుడు ఆ పరిచయమే వేరేవాళ్లతో చేయాల్సి రావచ్చు.

కోనసీమ కొబ్బరి:
మాది ఆత్రేయపురం పక్క ఊరే. పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు వచ్చింది కదా, ఆ ముక్క సబ్జెక్ట్‌లో పెడితే మేడం గారు వెంటనే పలికేవారు. మన సరుకు విలువ మనం చెప్పుకోవాలి.

ల్యాబ్ కోటు:
కొబ్బరి గారూ, జీఐ ఆ ఊరి సరుక్కి గౌరవం. నా ఇన్‌బాక్స్‌లో ఆ ముక్క చూస్తే ఇదేదో అమ్మకం మెయిల్ అనుకుంటాను. "బెల్లం రేకులు ఆరో రోజుకు మెత్తబడుతున్నాయి, కవర్ గురించి ఒక ప్రశ్న" అని ఉంటే తప్పకుండా తెరుస్తాను.

వరంగల్ పిల్ల:
ఆ మొదటి కాగితం ఎందుకు విడిగా ఉండాలో నా అనుభవం చెప్తా. నా పాత మేనేజర్‌కి ఒక డిజైనర్‌ను పరిచయం చెయ్యాలి. ముందు ఆ డిజైనర్ గురించి మా ఫ్రెండ్‌తో మెయిల్‌లో చర్చ నడిచింది. "పని బాగా చేస్తాడు గానీ టైముకి ఇవ్వడు, నువ్వే వెంటపడాలి" అని మా ఫ్రెండ్ రాసింది. నేను అదే మెయిల్ మీద Forward కొట్టి పైన పరిచయం రాసి ఇద్దరికీ పంపేశా. కింద పాత మాటలన్నీ అలాగే ఉన్నాయి. ఆ డిజైనర్ చదువుకున్నాడు. జీమెయిల్‌లో Undo అని ఉంటది గానీ సెట్టింగ్ మార్చుకున్నా 30 సెకన్లే ఎక్కువ, నాకు తెలిసింది గంట తర్వాత. అప్పటి నుంచి పరిచయం మెయిల్ ఎప్పుడూ కొత్తగా Compose నొక్కే రాస్తున్నా, పాతదాని మీద రాయను.

పాత హెచ్ఆర్:
అదే. ఆడిటర్ గారు మేడం గారి అనుమతి అడిగిన మెయిల్ మీదే Reply కొట్టి పూతరేకులాయనను చేర్చినా ఇదే జరుగుతుంది. ఆవిడ ఫీజు గురించో, తీరిక గురించో రాసింది ఆయన చదువుతారు.

ఇంకోటి, ఇది ఎవరూ అనలేదు. ఆవిడ మీ క్లయింట్ అని ఆయనకు రాసేశారు. ఆడిటర్ చెప్తే "క్లయింట్" అంటే టాక్స్ లెక్కలే కదా అర్థం. "నాకు రెండేళ్లుగా పరిచయం" అంటే చాలు. అలాగే ఆయన మీ క్లయింట్ అన్నది ఆవిడకు చెప్పాలి, ఆయన్ను అడిగే చెప్పాలి. ఎందుకంటే ఈ పరిచయం వల్ల మీ వైపు ఏదైనా లాభం ఉందా లేదా అని ఆవిడ అనుకోవడం సహజం.

రాజమండ్రి ఆడిటర్:
ఆ క్లయింట్ మాట చదివి సిగ్గేసింది. రోజూ గోప్యత గురించి కుర్రాళ్లకు చెప్పేవాణ్ని నేనే.

ముందు ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి క్షమించమని అడిగాను. మేడం నవ్వి, "సంగతేంటో రాసి పంపండి, చూస్తాను" అన్నారు. పూతరేకులాయనను కూర్చోబెట్టి ల్యాబ్ కోటు గారి నాలుగు ప్రశ్నలూ అడిగాను. ఆయన చెప్తుంటే నేను రాసుకున్నా, చదివి వినిపించా, ఆయనే రెండుచోట్ల దిద్దారు. మేడం గారికొక్కరికే కొత్త మెయిల్‌లో ఇలా పెట్టాను:

> సబ్జెక్ట్: బెల్లం పూతరేకులు మెత్తబడటం, ఒకాయనను కలపమంటారా?
>
> మేడం గారూ, అడగకుండా మీ నంబర్ ఇవ్వడం నా తప్పు. ఇప్పుడు అడుగుతున్నాను.
>
> ఆత్రేయపురంలో పూతరేకులు తయారు చేసే ఆయన నాకు ఆరేళ్లుగా క్లయింట్. ఆయనకు తెలిసే ఈ మాట చెప్తున్నాను. ఈ పరిచయంలో నాకు ఏ లాభమూ లేదు. ఆయన సంగతి ఆయన మాటల్లో:
>
> "బెల్లం రేకులు పది చొప్పున పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, వేడితో అతికించి, అట్టపెట్టెలో పంపుతున్నాం. ఎండాకాలం పదిహేను రోజులు బాగానే ఉంటున్నాయి. జూలై నుంచి ఐదారు రోజులకే మెత్తబడుతున్నాయి. పంచదార రేకులకు ఇంత ఇబ్బంది లేదు. విప్పకుండా మా ఇంట్లో ఉంచిన పెట్టెలో కూడా అవుతోంది. కవర్ మార్చాలా, తయారీలో ఏమైనా మార్చాలా అన్నది తెలుసుకోవాలి."
>
> ఆయన అడిగేది ఒక అరగంట ఫోన్. మీకు వీలు కాకపోతే ఆ మాట నాకు చెప్పండి చాలు, ఆయనకు నేను చెప్పుకుంటాను. మీరు సరే అనేదాకా ఆయన మిమ్మల్ని పలకరించరు.

ల్యాబ్ కోటు:
ఇలా రాస్తే నేనైతే ఆ రోజే జవాబిస్తాను. "విప్పకుండా మా ఇంట్లో ఉంచినా" అన్న ఒక్క మాటతో కొరియర్ వాళ్ల గొడవ పక్కకు పోయింది చూడండి. చివర "నేను చెప్పుకుంటాను" అన్నది కూడా బాగుంది.

సుత్తి వద్దు:
మరి ఆవిడ కాదంటే? "మీది చిన్న వ్యాపారం, నా ఫీజు మీరు భరించలేరు" అన్నారనుకోండి. అది ఆయనకు చెప్తారా?

పాత హెచ్ఆర్:
చెప్పను. "ఆవిడకు ఇప్పుడు తీరిక లేదట" అంటాను.

వరంగల్ పిల్ల:
అది అబద్ధం కదా. ఆయన ఆర్నెల్లు ఆగి మళ్లీ మీ దగ్గరికే వస్తాడు. ఫీజు ఎక్కువని చెప్తే ఆయన ఇంకొకరిని వెతుక్కుంటాడు.

పాత హెచ్ఆర్:
ఫీజు సంగతి అయితే చెప్పొచ్చేమో. మనిషి నచ్చలేదంటే మాత్రం చెప్పలేను.

వరంగల్ పిల్ల:
నాకు ఇంకా ఒప్పుదల లేదు. సరే, వదిలేద్దాం.

రాజమండ్రి ఆడిటర్:
మేడం మర్నాడే రాశారు. మొదటి అరగంటకు ఫీజు అక్కర్లేదు, ఆ తర్వాత పని ఉంటే మాట్లాడుకుందాం, శుక్రవారం తప్ప సాయంత్రం నాలుగు తర్వాత ఎప్పుడైనా సరే అని. ఇప్పుడు ఇద్దరికీ కలిపి రాయాలి. ఎవరి పేరు ముందు పెట్టాలి? ఆయన వయసులో పెద్ద, ఆవిడకు అనుభవం ఎక్కువ. మెయిల్ తెలుగులోనా, ఇంగ్లీషులోనా?

పాత హెచ్ఆర్:
సాయం చేసేవాళ్ల పేరు ముందు. ఆవిడ టైమ్ ఇస్తున్నారు, కాబట్టి మొదట ఆవిడను పలకరించి, ఆయనెవరో ఆవిడకు చెప్పాలి. తర్వాత ఆవిడెవరో ఆయనకు. వయసుకు గౌరవం "గారు"తోనే వచ్చేస్తుంది, ఇద్దరికీ పెట్టండి. భాష సంగతికొస్తే, ఇద్దరిలో ఎవరికి కష్టమో వాళ్లకు సులువైన భాషలో రాయండి. తర్వాతి అడుగు ఎవరిదో కూడా పేరు పెట్టి చెప్పండి. "మాట్లాడుకోండి" అంటే ఇద్దరూ అవతలివాళ్ల కోసం చూస్తూ కూర్చుంటారు. మీ మొదటి మెయిల్‌కి నాలుగు రోజులు ఎవరూ పలకకపోవడానికి అది కూడా కారణం.

కోనసీమ కొబ్బరి:
మెయిల్ దాకా ఎందుకండీ, ముగ్గురికీ ఒక వాట్సాప్ గ్రూప్ చేసేయండి. మావైపు అందరూ అలాగే.

ల్యాబ్ కోటు:
గ్రూప్‌లో ఆడిటర్ గారు ఎప్పటికీ ఉంటారు, ఫీజు మాట్లాడుకోవడానికి ఇద్దరికీ ఇబ్బంది. రాత్రి పదకొండుకు గుడ్ నైట్ పువ్వులు కూడా వస్తాయి.

కోనసీమ కొబ్బరి:
అయ్యో, పువ్వులు పంపితే తప్పేంటండీ. ఆ ఆత్రేయపురం ఆయన మెయిల్ వారానికోసారి చూస్తాడేమో, గ్రూప్ అయితే ఐదు నిమిషాల్లో చూస్తాడు. మీరు మీ సౌకర్యం చూసుకుంటున్నారు, ఆయనది కాదు.

రాజమండ్రి ఆడిటర్:
కొబ్బరి గారన్నదాంట్లో నిజముంది, ఆయన మెయిల్ నిజంగానే వాళ్లబ్బాయి చూస్తాడు. అందుకని అబ్బాయి అడ్రస్ Cc లో పెట్టాను. ఆ సంగతి మేడం గారికి మెయిల్‌లోనే చెప్పాను. పంపింది ఇది:

> సబ్జెక్ట్: పరిచయం: ప్యాకేజింగ్ మేడం గారు, ఆత్రేయపురం పూతరేకుల తయారీదారు (బెల్లం రేకుల తేమ సమస్య)
>
> మేడం గారూ, మీకు చెప్పినాయన వీరే. ఆత్రేయపురంలో సొంతంగా పూతరేకులు చేయించి, కొరియర్‌లో పంపుతున్నారు. వానాకాలం బెల్లం రేకులు ఐదారు రోజులకే ఎందుకు మెత్తబడుతున్నాయో తెలుసుకోవాలన్నది వీరి ప్రశ్న. మెయిల్స్ చూసేది వీరబ్బాయి, అందుకే Cc లో ఉన్నారు.
>
> పూతరేకుల సార్ గారూ, మేడం గారు ఆహార పదార్థాల ప్యాకింగ్‌లో చాలాకాలం పనిచేశారు. నాకు రెండేళ్లుగా పరిచయం. ఒక అరగంట మాట్లాడటానికి ఒప్పుకున్నారు. దయచేసి రేపటిలోగా మీరే మీకు వీలైన రెండు రోజులు రాయండి. శుక్రవారం కాకుండా, సాయంత్రం నాలుగు తర్వాత. ఇప్పుడు వాడుతున్న కవర్ ఫోటో, అది కొన్న బిల్లు మీద ఉన్న పేరు కూడా జత చేయండి. ముందు మెయిల్, ఆవిడ చెయ్యమంటేనే ఫోన్.
>
> ఇక్కడి నుంచి మీరిద్దరూ మాట్లాడుకోండి. జవాబిచ్చేటప్పుడు నన్ను Bcc లోకి మార్చేయండి.

పంపేముందు To గడిలో పేరు మళ్లీ చూసుకున్నాను. మేడం పేరు రెండక్షరాలు కొట్టగానే అదే పేరున్న మా బ్యాంక్ మేనేజర్ అడ్రస్ వచ్చి కూర్చుంది!

సుత్తి వద్దు:
Bcc లోకి మార్చడం ఎందుకు, మొత్తం తీసేస్తే పోదా?

పాత హెచ్ఆర్:
తీసేస్తే వాళ్లు అసలు పలికారో లేదో ఆడిటర్ గారికి తెలియదు. మొదటి జవాబులో Bcc లో పెడితే ఆ ఒక్కటీ ఆయనకు వస్తుంది. ఆ తర్వాత ఎవరు Reply All కొట్టినా ఆయనకు వెళ్లదు. మీ Bcc పనికొచ్చే చోటు ఇదే. ఆడిటర్ గారూ, ఒక్క జాగ్రత్త. Bcc లో ఉన్నప్పుడు మీరు పొరపాటున Reply All కొడితే మీరు చదువుతున్నారని అందరికీ తెలిసిపోతుంది. చదివి ఊరుకోండి. వారం దాటినా ఏ జవాబూ రాకపోతే పూతరేకులాయనకు ఒక్కసారి గుర్తు చేయండి, మేడం గారికి కాదు.

డల్లాస్ బాబాయ్:
మావాడి గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

రాజమండ్రి ఆడిటర్:
బాబాయ్ గారూ, మీ థ్రెడ్ లింక్ పెట్టండి, వస్తాం.

ఇవాళ్టి సంగతి. వాళ్లబ్బాయి ఆ రోజే రెండు తేదీలు రాశాడు, మేడం జవాబులో నన్ను Bcc లో పెట్టారు. నిన్న మాట్లాడుకున్నారట. కవర్ మార్చమని ఆవిడ అప్పుడే చెప్పలేదు. ఒకే రోజు చేసిన బెల్లం రేకుల ప్యాకెట్లు ఐదు అతికించి, బంగారం తూచే లాంటి సన్నటి కాటా మీద రోజూ ఒకే సమయానికి తూచి రాయమన్నారు. బరువు పెరుగుతుంటే కవర్‌లోంచి తేమ లోపలికి వస్తున్నట్టు. పెరగకుండానే మెత్తబడితే తేమ లోపల బెల్లంలోనే ఉన్నట్టు.

ఆ కాటా ఆయన దగ్గర లేదు. రావులపాలెంలో నగల షాపు నడిపే ఆయన నాకు తెలుసు, రోజూ ఐదు నిమిషాలు కాటా వాడుకోనిస్తారేమో అడగాలి. ఈసారి ముందు ఆయనొక్కరికే రాస్తున్నాను.